అడుగున పేరుకున్న ప్రోటీన్

బ్యాక్టీరియాను ఊపుతూ పెంచే షేకర్‌ను ముప్పై ఏడు డిగ్రీల దగ్గరే ఉంచి, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీని ధారాళంగా పోయమన్నారు ఆమె పీహెచ్‌డీ గైడ్. ఆమె అలాగే చేసింది. ప్రోటీన్ బోలెడు తయారైనట్టు జెల్ మీద లావుపాటి పట్టీ వచ్చింది. కానీ కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ప్రోటీనంతా ఉండలు కట్టి అడుగున పేరుకుంది. పైనున్న ద్రవంలో ఏమీ లేదు.

"హడావుడిగా తయారై సరిగ్గా మడత పడటం లేదు సార్. షేకర్‌ను పద్దెనిమిది డిగ్రీలకు దించి, ఐపీటీజీ కూడా తగ్గిద్దాం."

"అందరూ వాడే షేకర్ నీ ఒక్కదానికే ఇస్తే మిగతావాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా? ఆ ఉండల్నే యూరియాలో కరిగించు."

కరిగించింది. ప్రోటీన్ చివర తగిలించిన హిస్టిడిన్ల తోక ప్రోటీన్‌ను వేరుచేసే నికెల్ కాలమ్‌ను పట్టుకుంది. శుభ్రమైన ప్రోటీనే దిగింది. కానీ యూరియా తీసేయగానే అది విరిగిన పాలలా ముద్దలు కట్టింది. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి గైడ్ ఆ పనిని కొత్తగా చేరిన స్కాలర్‌కు అప్పగించారు.

"చల్లగా పెంచు తమ్ముడూ," అని చెప్పింది ఆమె. అతను పద్దెనిమిది డిగ్రీలు అడిగాడు, గైడ్ సరేనన్నారు. ప్రోటీన్ ద్రవంలోనే నిలిచింది, ఎంజైమ్‌గా పనిచేసింది కూడా.

"బుర్రపెట్టి చేస్తే ఇలా వస్తుంది," అన్నారు గైడ్ అందరి ముందూ. కొత్త స్కాలర్ తల వంచుకున్నాడు.

బయటికొచ్చాక ఆమె వెంటపడ్డాడు. "అక్కా, మీరే చెప్పారని అందామనుకున్నాను. నోరు పెగల్లేదు."

"షేకర్ అడగడానికి పెగిలిందిగా," అని ఆమె యూరియా సీసాలు కడగడానికి వెళ్ళిపోయింది.