కాగితం రెండో వైపు

మా పుట్టింటి బస్తీలో ఎవరైనా పోతే పదకొండో రోజున, భోజనాలకు ముందు, ఇంటివాళ్లలో ఒకరు మైకు పట్టుకుని రెండు మాటలు చెప్పాలి. నన్ను పెంచిన మా అవ్వ, మా నాయనమ్మ రాజవ్వ, కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ క్యాంటీన్‌లో చాలా ఏళ్లు వండిపెట్టింది. అందుకని యూనియన్ వాళ్లే టెంటు వేయించారు, ఫ్లెక్సీ కొట్టించారు. మాట్లాడేది నేనేనని యూనియన్ పెద్ద లింగం మామ తేల్చేశాడు.

"ఇంట్ల సదువుకున్నది నువ్వొక్కదానివే కదనే రుచితా. తొమ్మిది దాంక పోయినవ్."

తొమ్మిదో తరగతి దాకా పోయాను. ఎందుకు ఆగానో లింగం మామకు తెలియదు. నా భర్త అనిల్‌కూ తెలియదు. తెలిసింది అవ్వకూ నాకూ మాత్రమే. ఇప్పుడిక నాకొక్కదానికే.

పటాన్‌చెరులో మేముండే ఇంటి ఓనరు నాగవల్లిగారు. ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే టీచరుగా రిటైరయ్యారు. మా పాపను చంకనేసుకుని వెళ్లి, నేను రాసుకున్న కాగితం చూపించాను. దయగలది, కష్టజీవి, అందరినీ కన్నబిడ్డల్లా చూసేది అని ఓ పేజీ రాశాను.

"ఇది ఎవరి గురించయినా చదవచ్చమ్మా" అన్నారు ఆవిడ. "గుణాలు చెప్పకు. నీకు తప్ప ఇంకెవరికీ తెలియని ఒక్క రోజు చెప్పు. ఆ రోజు ఆవిడ ఏం చేసిందో చెప్పు. మనిషి కనపడిపోతుంది."

"నాకు నలుగురిలో నోరు రాదండీ."

"రాకపోతే ఆగు. ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు. గబగబా చెప్పేస్తేనే ఎవరికీ అందదు. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకో. ఫోటో వైపు చూడకు, ఏడుపొస్తుంది. జనాన్నీ చూడకు. పనిలో ఉన్న మనిషినెవరినైనా ఒకరిని చూసి చెప్పు. ఈ పేజీ మెల్లగా చదివితే రెండు నిమిషాలు. నీకు మూడు చాలు."

ఆ మధ్యాహ్నం పాప పడుకున్నాక కాగితం తిప్పి, రెండో వైపు ఆ ఒక్క రోజు రాశాను. నాకున్నది ఆ రోజొక్కటే. రాసి, మడిచి, ఇది చదవనులే అనుకున్నాను. చప్పుడుకు పాప నిద్ర లేస్తుందేమోనని భయపడ్డట్టు, మొదటి వైపే గొణుగుతూ పది సార్లు చదువుకున్నాను.

ఎందుకు చదవనంటే, పెళ్లిచూపుల్లో అనిల్ అడిగాడు, బడి ఎందుకు మానేశావని. అవ్వ మాన్పించింది అన్నాను. ఊరంతా అదే అనుకునేది కాబట్టి నోటికి అదే వచ్చింది. అనిల్ నా మీద జాలిపడ్డాడు. నాకా జాలి బాగుంది. కానీ అవ్వ మీద కోపం పెట్టుకున్నాడు. పాప పుట్టాక అవ్వ మా ఇంటికి వచ్చి పది రోజులుంటానని కబురు చేస్తే, "నీ బతుకు ఆగం జేసినామె. నా ఇంట్ల వద్దు" అన్నాడు. నేను అప్పుడైనా చెప్పలేదు. పాపను పటాన్‌చెరు బస్టాండుకు తీసుకెళ్లి చూపించాను. అవ్వ రెండు బస్సులు వదిలేసి పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడో బస్సు ఎక్కింది. అదే ఆఖరు.

పదకొండో రోజు టెంటు కింద కుర్చీలన్నీ నిండాయి. పక్కన పెద్ద గుండిగలో మటన్ ఉడుకుతోంది. లింగం మామ ముందు మాట్లాడాడు.

"రాజవ్వ అంటే మా అందరికి బువ్వ వెట్టిన తల్లి. డ్యూటీకి ఆలస్యమైతే గిన్నెల దాపెట్టేది. ఒక్క ముచ్చట్ల మాత్రం నాకు కోపముండె. గీ పొల్లను బడి మాన్పిచ్చింది. గప్పుడు నేను బగ్గ లొల్లి వెట్టుకున్న. పోయినోళ్లను అనొద్దు గని..."

కుర్చీల్లో తలలు ఊగాయి. ముందు వరసలో పాపను ఎత్తుకున్న అనిల్ తల కూడా ఊగింది.

నన్ను పిలిచారు. మైకు మరీ దగ్గరగా పట్టుకున్నానేమో, "అందరికీ నమస్కారం" అన్నది కాస్తా బుస్సుమని గాలిలా వచ్చింది. దూరం జరిపాను. నా గొంతు ఆ మూలనున్న స్పీకరు డబ్బాలోంచి నాకే కొంచెం ఆలస్యంగా వినిపించింది. ఎవరో వేరేవాళ్లు నన్ను వెక్కిరిస్తున్నట్టుంది. చేతిలో కాగితం చప్పుడు కూడా మైకులోకి వెళ్లింది. "మా అవ్వ చాలా దయగలది. కష్టజీవి" అని రెండు లైన్లు చదివాను. వెనక ఒకాయన ఆవలించాడు. ఆకలి మీదున్నారు పాపం.

ఆగాను. గుండిగ దగ్గర గరిటె తిప్పుతున్న వంటమనిషి బుల్లెమ్మ కనిపించింది. ఆమెను చూస్తూ కాగితం తిప్పాను. చదవలేదు, చెప్పాను.

"మా అవ్వ నన్ను బడి మాన్పియ్యలే. నేనే మానిన."

బుల్లెమ్మ గరిటె ఆగింది.

"తొమ్మిదిల ఉన్నప్పుడు పొద్దుగాల ప్రార్థనల వార్తలు సదువుమన్నరు. నిలబడ్డ. నోరు రాలే. అందరు సూస్తుంటే భయానికి నిలబడ్డకాడనే డ్రెస్సు తడిసింది. ఎవలు కనిపెట్టకముందే ఇంటికి ఉరికిన."

ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. "ఏయ్, సప్పుడు జెయ్యకుండ్రి" అని లింగం మామ గదమాయించాడు.  మైకు దించబోయి, మళ్లీ నాలుగు వేళ్ల దూరం చూసుకున్నాను.

"ఆ డ్రెస్సు అవ్వ పిండి ఆరేసింది. వారం దినాలు బతిమిలాడింది, పోయే బిడ్డా అని. నేను దుప్పటి తియ్యలే. ఎనిమిదో దినం ఆమెనే బడికి వొయ్యింది. ఇంట్ల పనికి ఎవలు లేరు, పంపనని సారుకు జెప్పింది. గట్లెందుకు జెప్పినవే అంటే, 'పోరి భయపడ్డదంటే నిన్ను జన్మంత నవ్వుతరు. ముసల్దాన్ని, నన్ను తిట్టుకోనీ' అన్నది. మీరందరు తిట్టిన్రు. నేను ఇనుకుంట ఊకున్న. మా ఆయనకు గూడ అవ్వే మాన్పిచ్చిందని జెప్పిన. అందుకే పాపను ఎత్తుకుంటందుకు అవ్వ మా ఇంటికి రాలేకపోయింది. బస్టాండ్ల సూసి పోయింది. తప్పు నాది."

ఇంకా ఒక లైను ఉంది కాగితం మీద, అవ్వా క్షమించు అని. అది నోటికి రాలేదు. మైకు లింగం మామకు ఇచ్చేశాను. ఆయన "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు. అందరూ లేచారు. ఆ రెండు నిమిషాలూ నా తడిసిన డ్రెస్సునే అందరూ చూస్తున్నట్టు కాళ్లు దగ్గరకు పెట్టుకుని నిలబడ్డాను.

భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మా చిన్నాయన ఎల్లయ్య విస్తరి తెచ్చి నా ముందు వేశాడు.

"కన్నకొడుకును, నాకు గూడ జెప్పలే సూడు ముసల్ది" అన్నాడు. "తాగొచ్చినప్పుడల్లా గా మాటే వెట్టి తిట్టేటోన్ని. పొయ్యిల కట్టెలు ఎగదోసుకుంట ఇనేది." నవ్వబోయాడు. కూర వడ్డించకుండానే బకెట్ పట్టుకుని వెళ్లిపోయాడు.

 అనిల్ పాపను నాకు ఇవ్వలేదు. సాయంత్రం బండి తీసేటప్పుడు నా వైపు చూడకుండా అడిగాడు.

"బస్టాండ్ల ఏడ కూసున్నరు?"

"కాజీపల్లి బస్సు ఆగే కాడ. సిమెంటు బల్ల మీద."

"ఎంతసేపు?"

"రెండు బస్సులు పోయినయ్."

 ఇంటికి పోయే తోవలో బస్టాండు వచ్చింది. బండి ఆపి, పాపను ఎత్తుకుని ఒక్కడే లోపలికి నడిచాడు. నన్ను రమ్మనలేదు. ఆ బల్ల మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బండి పట్టుకుని నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఒక బస్సు వచ్చి పోయింది.