కుట్లలో మిగిలిన కారం

గీతాంజలి బ్యాగులో చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే కన్ను తుడుచుకుంది. అంతే, అమ్మో అని కేకేసి తొట్టి దగ్గరికి పరిగెత్తింది.

ఆదివారం పది గంటలప్పుడు. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. ఏం జరిగిందో నాకు తెలుసు. శనివారం మార్కెట్ యార్డులో చూపించడానికి మచ్చుకు నాలుగు గుప్పెళ్ల ఎండుమిర్చి తీసుకెళ్లాను. పాలిథీన్ కవరు చిరిగితే గీత బ్యాగు తీసుకున్నాను. వచ్చాక దులిపి మేకుకు తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

గీత నా మనవరాలు. పసిపిల్లల్ని ఇంటింటికీ వెళ్లి తూచే పని, కొత్తగా దొరికింది. సంస్థ వాళ్లు ఇచ్చిన నీలం బ్యాగు అది. లోపల తడి దిగకుండా పూత ఉంటుంది. అందులో తూనిక, పిల్లని కూర్చోబెట్టే ఊయల గుడ్డ, థర్మామీటరు. సోమవారం తొమ్మిదింటికి మా ఊరి కరీమున్ బిడ్డని తూచాలి. పుట్టి పది రోజులు. సూపర్‌వైజర్ సాయిలక్ష్మి గారు అక్కడికే వచ్చి చూస్తారు. గీత పని ఎలా చేస్తుందో చూసి, ఉంచేదీ లేనిదీ ఆమె రాస్తారు.

"ఎవరు పెట్టారు ఇందులో కారం?" ఒక కన్ను మూసుకుని అరిచింది గీత.

"నేనే."

కోడలు కోటిరత్నం నా వంక చూసింది. "మామయ్య గారూ, ఇంట్లో ఇంకో సంచే లేనట్టు!" అని, బ్యాగు లాక్కుని పెరట్లోకి నడిచింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. బకెట్లో పోసి బట్టల సోడా గుప్పెడు వేసింది. మిర్చి ఆరబోసే పట్టాలు కొందరు అలాగే ఉతుకుతారు. సామాను తీసేసి బ్యాగు ముంచబోయింది. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"వేణ్నీళ్లు వద్దు. సోడా వద్దు."

"మరి కారం ఎలా పోద్ది?"

"పూత పోద్ది. ఒకసారి కల్లంలో పట్టా అలా ఉడకేశాను. పూత తోలులా ఊడి కాయలకి అంటుకుంది. ఇది ఊడితే పెచ్చులు పిల్ల మీద పడతాయి."

"మిషన్లో వేసేద్దాం" అంది గీత.

"అందులో తిరిగితే పట్టీలు మెలితిరుగుతాయి. కుదురు పోద్ది. ముందు దులుపుదాం. తడి తగిలితే కారం గుడ్డలోకి దిగుద్ది."

అది నా వంక అనుమానంగా చూసింది. "దులిపింది నువ్వేగా నిన్న."

మళ్లీ దులపడానికి బ్యాగు అందుకున్నాను.

పెరటి చివర గాలికి ఎదురుగా నిలబడకుండా, మొహానికి తువ్వాలు కట్టుకుని బ్యాగు తిరగేశాను. అడుగున గట్టి అట్ట ఉంటే ఒరలోంచి లాగి పక్కన పెట్టాను, నానితే ఉబ్బిపోయేది. ప్రతి అరా, ప్రతి జిప్పూ తెరిచి పాత మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి దువ్వాను. ఎర్రటి దుమ్ము ధార కట్టింది. గీత దూరంగా నిలబడి దగ్గుతూ చూసింది.

"ఇంత దుమ్ము పెట్టుకుని, రేపు ఆ పిల్ల దగ్గరికి వెళ్లేదాన్ని తాతా."

ఊయల గుడ్డ ఉత్త నూలు. దాన్ని వేరుగా ఉడికించమని కోడలికి, తూనికా థర్మామీటరూ తడిగుడ్డతో తుడవమని గీతకి ఇచ్చాను. రికార్డులు పెట్టుకునే కాన్వాసు సంచి ఒకటుంది, దాని మీద ఎర్రని అక్షరాలు. తెల్లగుడ్డ తడిపి ఒక మూల అద్దితే గుడ్డకి ఎరుపంటింది. నానబెడితే సంచంతా గులాబీ రంగయ్యేది. దాన్ని చల్లని సబ్బునీళ్లతో, అక్షరాల జోలికి పోకుండా, మచ్చలున్న చోటే తుడిచాను.

బ్యాగుకి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. మిర్చి జిడ్డు ఉత్త నీటికి వదలదు. లోపలంతా గుడ్డతో తుడిచాను. గట్టిగా రుద్దలేదు. పట్టీల్లో స్పాంజి ఉంటుంది, పిండితే నలిగిపోద్ది. వాటిని తువ్వాలు మడతల మధ్య పెట్టి అరచేత్తో అదిమాను. సబ్బు మిగలకుండా మంచినీళ్లతో మూడుసార్లు తుడిచాను. పొడి తువ్వాళ్లు చుట్టి లోపల పెట్టి, ఆకారం నిలబడేలా సర్ది, జిప్పులన్నీ తెరిచి వసారా నీడలో తలకిందులుగా వేలాడదీశాను. తువ్వాళ్లు తడిసినప్పుడల్లా మార్చాను.

"డాబా మీద ఎండలో వేస్తే గంటలో ఆరుద్ది కదండీ" అంది కోటిరత్నం.

"ఎండలో పూత పెళుసెక్కుద్ది."

"అన్నీ వద్దే మీకు!"

ఫ్యాను తెచ్చి పెట్టాను. రాత్రంతా అది తిరుగుతూనే ఉంది.

సోమవారం పొద్దున ఏడున్నరకి బ్యాగు లోపల చెయ్యి తిప్పి చూశాను. పొడిగా ఉంది. మంట లేదు. "ఐపోయింది, సర్దుకో" అన్నాను. గీత తూనిక తెచ్చింది. ఊయల గుడ్డ మడిచి పట్టుకుంది.

అప్పుడు నా చేతులు చూసుకున్నాను. యాభై ఏళ్లు మిర్చి ఏరిన చేతులు. తొడిమలు తీస్తే అందరి చేతులూ మండుతాయి, నా చేతులకి మాత్రం మండడం ఎప్పుడో ఆగిపోయింది. నా చేతులు చెప్పేది ఏం నమ్మకం?

"ఆగు" అన్నాను.

తడిగుడ్డ కొసతో అడుగు కుట్ల మధ్య రుద్దాను. ఆ గుడ్డని పెదవికి ఆనించాను. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత చురుక్కున పట్టుకుంది. పెదవి, దాని పక్క బుగ్గ, మండిపోయింది.

"ఉందా?" అడిగింది గీత.

"ఉంది. కుట్లలో."

"తొమ్మిదింటికి మేడం వచ్చేస్తుంది తాతా! ఊయల గుడ్డ మధ్య అరలోనే కదా పెట్టేది, అడుగు కుట్లకి తగలదు…"

కోడలు కలగజేసుకుంది. "అడుగున ఇంకో గుడ్డ పరిచి పెట్టుకోవే. ఎవరికి తెలుస్తుంది?"

గీత ఊయల గుడ్డ వంక చూసింది. అది ఆ పిల్ల మొహానికి తగిలే గుడ్డ. దాన్ని పక్కన పెట్టింది. తరవాత ఫోను తీసింది.

"నేను చెప్తాను" అన్నాను. "తప్పు నాది."

"బ్యాగు నా పేరు మీద ఉంది తాతా. నేనే చెప్పాలి."

నా ముందే మాట్లాడింది. "మేడం, నా బ్యాగులో కారం పడింది. కుట్లలో ఇంకా ఉంది. కడిగి ఆరేదాకా పిల్ల దగ్గరికి తేను. సాయంత్రం నాలుగింటికి వెళ్తాను, మీరు రాగలరా?" అవతల ఏమన్నారో వినపడలేదు. గీత మొహం తెల్లబోయింది. "సరే మేడం" అని పెట్టేసింది.

"ఏమంది?"

"కిట్టు జాగ్రత్తగా పెట్టుకోలేనివాళ్లు ఈ పనికి పనికిరారు, సాయంత్రం వచ్చి చూస్తాను అంది."

నేను కూర్చుని మెత్తటి పళ్ల బ్రష్షుతో కుట్లన్నీ వరసగా రుద్దాను, జిప్పు పళ్ల కింద కూడా. పట్టీలు మళ్లీ తడపలేదు. ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి పెదవికి ఆనించుకున్నాను. మూడోసారి మండలేదు. కానీ అప్పటికే మండుతున్న పెదవి, దాన్ని కూడా నమ్మలేకపోయాను. గీతని పిలిచాను. అది తన పెదవితో, నాలుగు మూలలా చూసింది. తల అడ్డంగా ఊపింది. మంట లేదని.

ఫ్యాను ముందు పెడితే మూడుంబావుకి ఆరింది. అట్ట మళ్లీ ఒరలో దూర్చాను, బ్యాగు నిలబడింది. గీత తూనిక సర్దుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్లింది.

ఆరు దాటాక వచ్చింది. బ్యాగు భుజం మీంచి దించకుండానే గడపలో నిలబడింది.

"మేడం బ్యాగు మొత్తం విప్పించింది. కుట్లు గోటితో గీకి చూసింది. కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను."

"పని?"

"ఇంకో నెల చూస్తానంది. తీసెయ్యలేదు." తల వంచుకుని చెప్పులు విప్పింది. "పిల్ల రెండు కిలోల తొమ్మిదొందలు. తూస్తున్నంతసేపూ నిద్రపోయింది."