మూడు టైములకు ఒక బొటనవేలు

మానేసిన ఉద్యోగంలోని మేనేజరుతో మళ్లీ అవసరం పడటం ఎలా ఉంటుందంటే, విడాకులిచ్చిన మొగుణ్ణి మంచి నడవడిక సర్టిఫికెట్ అడిగినట్టుంటుంది.

నేను నాలుగేళ్లు ఒక పార్సిల్ కంపెనీలో వ్యాన్ల షెడ్యూలు వేశాను. ఏ బండి ఏ వీధికి ఎన్నింటికి వెళ్లాలో చెప్పే పని. మానేసి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు మందులు సరఫరా చేసే కంపెనీలో అదే పనికి రెండు ఇంటర్వ్యూలు గట్టెక్కాను. సాయంత్రం ఐదున్నరకల్లా ఇంటికి వెళ్లాలని మొదటి ఇంటర్వ్యూలోనే చెప్పాను. “చూద్దాం” అన్నారు. ఆ ఐదున్నర కోసమే నాకా ఉద్యోగం కావాలి. మా పాపకి ఏడేళ్లు.

సోమవారం రిక్రూటరమ్మాయి ఫోన్ చేసింది. “ఒక్క రిఫరెన్స్ కాల్ మిగిలింది మేడమ్. మీ పాత మేనేజరే మాట్లాడాలి. హెచ్‌ఆర్ వాళ్లు చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప నోరు విప్పరు. శుక్రవారంలోగా అయిపోవాలి, వరసలో ఇంకొకరున్నారు.”

మేనేజరంటే మా తాళం సార్. రోజూ ఆఫీసుకు తాళం తనే వేస్తాడని ఆ పేరు. ఆయన కంటే ముందు బ్యాగు తగిలించుకున్నవాడు ద్రోహి కింద లెక్క. పని పూర్తయిందా అని ఏనాడూ అడగడు, కుర్చీలో మనిషి ఉందా లేదా అన్నదే చూస్తాడు.

నాలుగుసార్లు రాసి కొట్టేసి, ఐదోసారి మెసేజ్ పంపాను: “నమస్కారం సార్. మందుల కంపెనీలో షెడ్యూలింగ్ ఉద్యోగానికి రిక్రూటరు మీతో పదిహేను నిమిషాలు మాట్లాడాలంటున్నారు. మీకు అభ్యంతరం లేకపోతే మీ నంబరు ఇస్తాను. మంగళవారం పదకొండు, బుధవారం మూడు, గురువారం నాలుగున్నర. వీటిలో ఏది వీలు? ఏదీ కుదరకపోతే మీకు నచ్చిన టైము చెప్పండి.”

“మరీ కాళ్లబేరానికి వచ్చినట్టుంది,” అన్నాడు మా ఆయన. వచ్చాను కాబట్టే అలా ఉంది.

జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. మూడు టైములకూ కలిపి ఒకటే. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

“ఏ టైము ఇమ్మంటారు సార్?”

“ఏదైనా పర్లేదమ్మా. మనకి టైమేంటి!”

మంగళవారం మీటింగులో ఉన్నాడు. బుధవారం, నేను ముందే పంపిన రిక్రూటరు నంబరే అయినా, కొత్త నంబరని ఎత్తలేదు. గురువారం ఎత్తి “తర్వాత” అని పెట్టేశాడు. రిక్రూటరమ్మాయి ఫోన్ చేసిన ప్రతిసారీ “బిజీ మనిషండీ, తప్పకుండా మాట్లాడతారు” అని మేకపోతు గాంభీర్యం ఒలకబోశాను.

శుక్రవారం పొద్దున ఆ అమ్మాయే చేసింది, గొంతులో ఒకటే సంబరం.

“మీ సార్ ఆరింటికే నన్ను నిద్రలేపారు మేడమ్! అబ్బ, ఏం పొగిడారండీ! నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆయనకంటే ముందు ఇంటికెళ్లలేదట కదా. పాపకి జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉంటే, వరండాలో కూర్చుని మర్నాటి బండ్లన్నీ సర్దేశారట! మళ్లీ తీసుకుంటారా అని అడిగితే, ఈరోజే తీసుకుంటానన్నారు.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వరండాలో ఫోను చూసుకుంటూ నర్సు పిలిచిన పిలుపు వినలేదు నేను. పాప లోపల అమ్మా అమ్మా అని ఏడ్చింది. అది ఈయనకి నా గొప్పతనం కింద గుర్తుంది.

“కంపెనీ వాళ్లకి ఇదే కావాలట,” అంటోంది ఆ అమ్మాయి. “మీరు ఐదున్నర అన్నారని కాస్త అనుమానపడ్డారు. ఎంతసేపైనా ఉండే మనిషని తెలిసి, ఇప్పుడు ఆ ఐదున్నర మాటే తీసేశారు. సోమవారం చేరతారా?”

“ఆయన చెప్పినవన్నీ నిజమేనమ్మా. నేనెందుకు మానేశానో అడిగావా?”

“అడిగానండీ. వ్యక్తిగత కారణాలన్నారు.”

“ఆ వ్యక్తిగత కారణం రెండో తరగతి చదువుతోంది. ఐదున్నర అని ఆఫర్ లెటర్లో రాసిస్తే చేరతాను. లేకపోతే వద్దు.”

ఆ అమ్మాయి కనుక్కుని చెబుతానంది. పావుగంటలో చెప్పింది: వరసలో ఉన్న ఆ ఇంకొకరిని తీసుకున్నారు. “నాకూ బాధగానే ఉంది మేడమ్,” అంది. నిజంగానే అన్నట్టుంది.

వంటింట్లోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేసరికి తాళం సార్ మెసేజ్: “మీ గురించి అంతా మంచే చెప్పానమ్మా. పని అయినట్టేనా?”

తిట్లు రానిదాన్నేం కాదు. రెండు లైన్ల తిట్లు రాసుకుని, తృప్తిగా చదువుకుని, కొట్టేశాను. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. వాళ్లూ పాత మేనేజరుతోనే మాట్లాడతారు.

“చాలా థాంక్స్ సార్,” అని పంపాను. “మీ మేలు మర్చిపోలేను.”