మూత మీద అమ్మ ఫోటో

భవానీపురంలో ఇంటి దగ్గరే డిజైన్ పనులు చేసుకునే రాగిణి, గణేష్ అమ్ముతున్న రొయ్యల పచ్చడికి లోగో గీసింది. ఒకే గీతతో వంపు తిరిగిన రొయ్య. అతనికి నచ్చింది. కానీ మర్నాడు, "అందులో మా అమ్మ ఫోటో కూడా పెట్టండి" అని మెసేజ్ పెట్టాడు. పచ్చడి కలిపేది ఆవిడే.

వద్దంటే వాళ్ళమ్మనే వద్దన్నట్టు అనుకుంటాడేమోనని రాగిణికి బెరుకు. చాలాసేపు ఆలోచించి రాసింది:

"గణేష్ గారూ, అమ్మగారిని చూపించాలన్న ఆలోచన బాగుందండి. కానీ సీసా మూత మీద లోగో రూపాయి బిళ్ళంతే ఉంటుంది. అంత చిన్నగా ఫోటో వేస్తే ముఖం మచ్చలా కనిపిస్తుంది, రొయ్యా గుర్తుండదు. లోగో ఇలాగే ఉంచి, ఆవిడ ఫోటో లేబుల్ మీద పెద్దగా వేద్దాం. ఫోటో ఉన్న లోగో, లేని లోగో రెండూ అసలు సైజులో పంపుతున్నాను, ప్రింట్ తీసి చూడండి."

సాయంత్రం దాకా జవాబు లేదు. ఈ పని పోయినట్టే అనుకుంది. అప్పుడు గణేష్ తల్లి కొండలమ్మ ఫోన్ చేసింది.

"మూతకి అంటించి చూశామమ్మా. నన్ను నేనే గుర్తుపట్టలేదు," అని నవ్వింది. "నువ్వన్నట్టే లేబుల్ మీద వెయ్యి. కాకపోతే వేరే ఫోటో పంపిస్తాను. మా వాడు పంపినదాంట్లో జుట్టు బాగోలేదు."

"అలాగేనండీ," అంది రాగిణి. మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, అన్నం పెట్టుకోడానికి లేచింది.