చిన్నదాని పాత నంబరు

వారం రోజులు పరాయి దేశంలో ఏ సిమ్ వాడాలన్నది నాన్నకి అసలు సమస్యే కాదు. చిన్నదానితోపాటు సైన్సు ప్రదర్శనకి వెళ్లే పిల్లలంతా అక్కడి విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపించి లోకల్ సిమ్ కొనుక్కుంటారని టీచరు చెప్పింది. కానీ చిన్నదాని ఫోనులో సిమ్ పెట్టే చోటు ఒక్కటే. కొత్తది వేస్తే పాతది బయటికి తీయాల్సిందే.

ఆ పాత నంబరుకే అక్క ఏటా చిన్నదాని పుట్టినరోజున ఫోను చేసేది. మూడేళ్ల క్రితం నాన్నతో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలిన అక్క. ప్రతిసారీ ఎవరిదో ఫోను అడిగి చేసేది, తన నంబరు చెప్పేది కాదు. ఈసారి పుట్టినరోజు ప్రయాణంలో నాలుగో రోజున వచ్చింది. అక్క పేరెత్తితే నాన్న కంచం ముందునుంచి లేచిపోతాడు. అందుకే చిన్నది ఫోన్ల షాపులో నేల చూపులు చూస్తూ నిలబడింది.

"పాత నంబరు ఉంటే బాగుంటుంది నాన్నా," అంది చివరికి.

షాపావిడ ఫోనందుకుని స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కింది. తెరమీద ఈఐడీ అని పొడవాటి నంబరు కనబడింది. "దీనికి ఈసిమ్ పడుతుందమ్మా, అంటే చిప్పు పెట్టక్కర్లేని సిమ్. నెట్టుకి ఈసిమ్, కాల్స్‌కి పాత సిమ్. పాతదాంట్లో డేటా రోమింగ్ మాత్రం ఆపెయ్. ఎత్తిన కాల్‌కి మాత్రం రోమింగ్ రేటు పడుద్ది."

నాన్న గడ్డం గోక్కున్నాడు. ఎందుకని అడగలేదు. "పాత నంబరుకి రోమింగ్ కూడా పెట్టెయ్యండి," అన్నాడు.

విమానం దిగగానే చిన్నది బిల్లు భయంతో సెట్టింగ్స్ తెరిచింది. డేటా రోమింగ్ ఆపబోయి, కంగారులో పాత లైనునే ఆఫ్ చేసేసింది. వాట్సాప్ ఈసిమ్ నెట్టుతో ఎప్పటిలాగే నడుస్తూ ఉండటంతో తేడా తెలియలేదు.

నాలుగో రోజంతా తన నమూనా పక్కన నిలబడి, వచ్చినవాళ్లకి నీటి పంపు గురించి చెబుతూనే ఫోను వంక చూసుకుంది. అక్క గొంతు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోబోతే మాటలు గుర్తొచ్చాయి గానీ గొంతు రాలేదు. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక అనుమానమొచ్చి సెట్టింగ్స్ చూసింది. పాత లైను ఆఫ్‌లో ఉంది. లైను ఆన్ చేసిన కాసేపటికి మెసేజి వచ్చింది: తెలియని నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్.

వెంటనే తిరిగి చేసింది. ఎవరో మగమనిషి ఎత్తి, పొద్దున బస్టాపులో ఒకమ్మాయి ఫోను అడిగిందని, ఎవరో తనకి తెలియదని చెప్పాడు.

చిన్నది బల్లమీద తల ఆనించింది. అప్పుడే వాట్సాప్‌లో నాన్న మెసేజి వచ్చింది.

"అక్క చేసిందా?"

మూడేళ్లలో ఆయన నోటివెంటగానీ రాతలోగానీ ఆ మాట రాలేదు. చిన్నది జరిగిందంతా రాసింది. జవాబు వచ్చింది.

"లైను ఆపకు. మళ్లీ చేస్తే బిల్లు సంగతి ఆలోచించకుండా ఎత్తు. నేను అడిగానని చెప్పు."

మిగిలిన మూడు రోజులూ ఎవరు పలకరించినా చిన్నది ఫోను చేతిలోంచి వదల్లేదు.