మూడో నంబరు షాట్

అబ్దుల్ తవ్వాబ్ నలభై ఏళ్లు సినిమాల్లో టీ అందించాడు. కాపలావాడు, కాఫీ కొట్టు సర్వరు, కోర్టు బంట్రోతు... ఏ వేషమైనా చేతిలో పళ్లెం తప్పేది కాదు. హీరో ముందు గ్లాసు పెట్టడం, ఫ్రేములోంచి తప్పుకోవడం. ఆయన ముఖం ఒక్కటే తెర నిండా కనిపించిన సినిమా ఒక్కటి కూడా లేదు. నాకు తెలుసు. ఆయన సినిమాల్లో సగానికి లైట్లు మోసింది నేనే.

అందుకే హాగర్ అనే పిల్ల తన పరీక్ష సినిమాలో తండ్రి వేషానికి ఆయన్ని అడిగిన సాయంత్రం, ఆయన షుబ్రా పేటలో మేం రోజూ కూర్చునే కాఫీ కొట్టుకి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. డెబ్బయ్యేడేళ్ల మనిషి.

"ఒరే ఫిక్రీ, నాకు క్లోజప్ ఉందిరా! కాగితం మీద రాసిచ్చింది. మూడో నంబరు."

"ఈ పిల్లలు కాగితాల మీద పిరమిడ్లు కూడా కడతారు," అన్నాను.

"ఏడుపుగొట్టు వెధవా," అని నవ్వి, నా టీ తనే తాగేశాడు.

హాగర్ ఫిల్మ్ స్కూల్లో ఆఖరి ఏడాది. నన్ను పిలిచింది లైట్ల కోసం. నాది అయిదో తరగతితో ఆగిన చదువు, ముప్పై ఏళ్ల పని. షూటింగుకి మూడు రోజుల ముందు ఆ పిల్ల పిన్ని ఫ్లాట్‌లో, సీను తీయబోయే బల్ల దగ్గరే కూర్చున్నాం. హాగర్, కెమెరా పట్టే షాదీ, సౌండ్ చూసే బసంత్, నేను. అంతే మా సైన్యం.

సీను పేజీన్నర. తండ్రి దర్జీ. రోడ్డు వెడల్పు చేస్తూ ఆయన కొట్టు కూల్చేశారు. ఆ సంగతి చెప్పడానికి కూతురు వస్తుంది. ఆమె నోరు విప్పక ముందే ఆయనకు అర్థమవుతుంది. అయినా కొట్టు తాళంచెవి ఆమె ముందు పెట్టి, "పొద్దున్నే తీయాలి, నీ దగ్గరుంచుకో" అంటాడు.

హాగర్ స్క్రిప్టులో ఒకచోట ఎర్ర గీత గీసింది. "ఇక్కడిదాకా ఆయనకు తెలీదు బాబాయ్. ఇక్కణ్ణుంచి తెలుసు. ఆ తెలిసిన క్షణం ఆయన ముఖం మీదే ఉండాలి. సినిమా అంతా ఆ ఒక్క షాటే."

ఆమె జాబితాలో పదకొండు షాట్లున్నాయి. పైనుంచి ఒకటి, తలుపు నుంచి బల్లదాకా నడిచే కెమెరా ఒకటి, టీ గ్లాసుకి ఒకటి.

"కిటికీలోంచి ఎండ ఎంతసేపు?" అన్నాను.

"పన్నెండు నుంచి మూడున్నర."

"కెమెరా జరిపి, లైటు మార్చి, మైకు దాచి, మూడు నాలుగు టేకులు తీసేసరికి షాటుకి నలభై నిమిషాలు. ముగ్గురు పిల్లలు, ఒక ముసలాడు. పదకొండు ఎలా తీస్తావమ్మా, సూర్యుణ్ణి తాడేసి కడతావా?"

బసంత్ కిసుక్కున నవ్వింది. హాగర్ పెన్సిలు తీసి ఒక్కొక్కటే కొట్టేసింది. నడిచే కెమెరా పోయింది, పైనుంచి తీసేది పోయింది. అయిదు మిగిలాయి. బల్లకు అటూ ఇటూ ఇద్దరూ పక్కనుంచి, గదంతటితో కనిపించే వైడ్. తండ్రి భుజం మీదుగా కూతురు. కూతురి ముఖం. తండ్రి ముఖం. తాళంచెవి. తండ్రి ముఖానికి మాత్రం పాత నంబరే ఉంచింది, మూడు.

"ఇది ముందు తీద్దాం," అంది. "ఆయనలో అది ఒక్కసారే వస్తుందేమో."

అప్పుడు అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ముప్పై ఏళ్లలో క్లోజప్పుతో మొదలెట్టిన మొనగాణ్ణి చూడలేదు. వైడ్ ముందు. ఎవరు ఎప్పుడు గ్లాసెత్తారో, ఏ చేత్తో ఎత్తారో అందులో ఖాయమవుతుంది. తర్వాతవన్నీ దానికి కలపాలి. వైడ్ కాగానే నా లైటు కూతురి వైపుకి దగ్గర, ఆమె షాట్లు రెండూ లాగేద్దాం. చివర్న ఒక్కసారే తిప్పి తండ్రి వైపు. లేకపోతే లైటు రెండుసార్లు తిప్పాలి. ఒక షాటు పోతుంది."

తప్పు చెప్పలేదు. ఏ సెట్టు మీదైనా అదే లెక్క. కానీ నేను లెక్క కోసం చెప్పలేదు. కాలేజీ పిల్ల ముందు నాకూ తెలుసని చెప్పుకోవడానికి చెప్పాను. ఆమె కాసేపు ఎర్ర గీత వంక చూసింది. తర్వాత మూడో నంబరు చుట్టూ సున్నా చుట్టి, బాణం గీసి చివరికి లాగింది.

"సరే బాబాయ్. మీకు తెలుసు."

నా మాట నెగ్గిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదొకటి.

షూటింగు రోజు అబ్దుల్ తవ్వాబ్ గడ్డం గీయించుకుని, వేషానికని ఒక పాత దర్జీ టేపు మెడలో వేసుకుని వచ్చాడు. "క్లోజప్ ఎప్పుడమ్మా?" అన్నాడు. "చివర్న ఉస్తాద్," అంది హాగర్. "మంచిదే. పెళ్లికొడుకుని చివర్నే తెస్తారు."

వైడ్ మొదటి టేకు. కూతురు వేషం వేసిన రీమ్ వచ్చి కూర్చుంది. ఆయన టీ పోశాడు. ఆమె ముఖం చూశాడు. ఆగాడు. స్క్రిప్టులో లేని పని చేశాడు. ఆమె గ్లాసులో చక్కెర వేయడం మొదలుపెట్టాడు. ఒక చెంచా, రెండు, మూడు, చిన్నపిల్లకు వేసినట్టు. నాలుగో చెంచా గ్లాసు దాటి బల్ల మీద ఒలికింది. కళ్లలో నీళ్లు నిండి గడ్డం దాకా కారాయి. తుడుచుకోలేదు. తాళంచెవి ముందుకు తోసి, "పొద్దున్నే తీయాలి..." అన్నాడు. గొంతు లేదు, గాలి మాత్రమే.

హాగర్ "కట్" అనడం మర్చిపోయింది. నేను మానిటర్ వైపు చూశాను. గది అంతా ఉంది. ఆయన ముఖం నా బొటనవేలి గోరంత ఉంది, అదీ పక్కనుంచి.

"క్లోజప్ ఇప్పుడే తీసేద్దామా?" హాగర్ నా చెవిలో అడిగింది.

"లైటు కూతురి వైపుంది. పదిహేను నిమిషాలు పోతాయి," అన్నాను.

కూతురి షాట్లకు కూడా ఆయన అంతా ఇచ్చాడు. పాతకాలపు మనిషి, ఎదుటివాళ్లకు నటించకపోతే పాపం అనుకుంటాడు. రీమ్‌కు కన్నీళ్లు రావాలని ప్రతి టేకులోనూ తను ఏడ్చాడు. వాటిలో మనకు కనబడేది ఆయన భుజం, లేదంటే అదీ లేదు.

లైటు తిప్పేసరికి రెండున్నర. ఆయన ముఖం మీదికి లెన్సు పెట్టాం. రీమ్ లెన్సు పక్కనే కూర్చుని మాటలందించింది. మొదటి టేకులో చక్కెర మర్చిపోయాడు. రెండో దాంట్లో ఎన్ని చెంచాలో తడుముకున్నాడు. మూడో దాంట్లో ఏడుపు తెచ్చుకోవడానికి ముఖం బిగించాడు. అది ఏడుపు కాదు, ముసలితనం. ఏడో టేకులో గోడ మీంచి ఎండ జారిపోయింది.

"వచ్చిందా?" అన్నాడు, నా వైపే చూస్తూ.

"వచ్చింది," అన్నాను.

ఎడిటింగులో హాగర్ అన్నీ ప్రయత్నించింది. వైడ్‌లోంచి ముఖం పెద్దది చేస్తే చిక్కటి గంజిలా ముద్దయింది. చివరికి కోత లేకుండా మొదటి టేకు మొత్తం వదిలేసింది.

స్కూలు హాల్లో చూపించారు. ఆయన ఇస్త్రీ సూటులో, చెల్లెల్నీ కాఫీ కొట్టులో నలుగుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. తెర మీద చక్కెర ఒలికినప్పుడు హాల్లో ముక్కులు చీదడం వినబడింది. ఆయన మాత్రం మెడ సాచి ఎదురుచూస్తున్నాడు. పేర్లు పడ్డాయి. దీపాలు వెలిగాయి. మెడ అలాగే ఉంది.

ఒక ప్రొఫెసరు హాగర్ చెయ్యి ఊపేస్తూ, "దూరంగానే ఉండిపోవడం, అదీ ధైర్యమంటే," అన్నాడు. హాగర్ నా వంక చూడలేదు.

మెట్లు దిగుతుంటే చెల్లెలు అడిగింది. "అన్నయ్యా, నీ ముఖం పెద్దగా వస్తుందన్నావు?"

"సినిమాకి ఏది కావాలో అది ఉంచుతారే. నీకేం తెలుసు," అన్నాడు.

మెట్రో దాకా నడిచాం. నేను ఎదురుచూశాను. వైడ్ ముందు తీయమన్నది ఎవడురా అని అడుగుతాడని, తిడతాడని. అడగడానికి ఆయనకు తెలిస్తే కదా. నేనూ చెప్పలేదు.

గేటు దగ్గర నా భుజం తట్టాడు.

"లైటు బాగా పెట్టావురా ఫిక్రీ," అన్నాడు. "గది చక్కగా కనబడింది."