బుజ్జి బెర్తు

పిల్లలతో ఒక్కతే రైలెక్కగానే ఆమె చేసిన మొదటి పని, ఎదురు బెర్తు మీద కూతురు బుజ్జి దుప్పటి పరిచేయడం. ఆ బెర్తు నిజంగా తమదేనా అన్న అనుమానం మాత్రం పొద్దుటినుంచీ పీకుతూనే ఉంది.

టికెట్లు తీసింది మామయ్య. ఒళ్ళో చంటివాడికీ, నాలుగేళ్ళ బుజ్జికీ టికెట్ అక్కర్లేదు. ఆయనేమో బుజ్జి పేరు పెద్దవాళ్ళ వరుసలో ఎక్కించి పూర్తి చార్జీ కట్టేశారు. పొద్దున అది చూసి ఆమె భర్త ఇల్లు పీకి పందిరేశాడు.

"ఐదు నిండని పిల్లకి టికెట్టేంటి నాన్నా? కళ్ళు కనిపించట్లేదా?"

"చూసుకోలేదురా," అని మామయ్య పేపర్లో తల దూర్చేశారు. పెద్దాయన్ని అలా కసురుకోవడం ఆమెకు అస్సలు నచ్చలేదు.

రైలు కదలగానే చేతిలో గొడుగుతో ఒకాయన వచ్చాడు. ఆయనకు దొరికింది పక్క వరుసలో సగం బెర్తే, కూర్చునే చోటు మాత్రమే. బుజ్జి దుప్పటి పక్కకు జరిపి ఆ బెర్తు మీద కూర్చున్నాడు.

"చిన్నపిల్లలకి బెర్తుండదమ్మా. టీసీ వస్తే ఇది నాకే రాస్తాడు."

 ఆమెకు కాన్పు ఆపరేషన్ కుట్లు ఇంకా లాగుతున్నాయి. ఇద్దరు పిల్లలతో ఒక్క బెర్తు మీద తెల్లారేదాకా ఎలా? లోకమంతా పిల్లల వయసు తగ్గించి చెబుతుంటే, బుజ్జికి ఆరేళ్ళని చెప్పేద్దామా అనుకుంది.

ఆ లోపే టీసీ వచ్చాడు. "పాపకి ఎన్నేళ్ళు?"

బుజ్జి నాలుగు వేళ్ళు చూపించేసింది.

"చూశారా!" అన్నాడు గొడుగాయన.

టీసీ ట్యాబ్ చూసుకున్నాడు. "ఐదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, బెర్తూ ఇవ్వం. ఐదు నిండి పన్నెండు నిండనివాళ్ళకి బెర్తు వద్దంటే సగం చార్జీ. ఎంత చిన్నపిల్లలకైనా బెర్తు కావాలని పూర్తి చార్జీ కట్టారా, అది వాళ్ళదే. ఈ పాపకి కట్టారు. మీరు లేవండి సార్, ఇంకెక్కడైనా ఖాళీ అయితే చూస్తా."

"అలాగా! నాకు తెలీదమ్మా," అని గొడుగాయన నొచ్చుకుంటూ లేచాడు. బుజ్జి తన బెర్తు మీద దర్జాగా దొర్లింది. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ తీసింది.

"మామయ్యా, బెర్తు బుజ్జిదేనట! మీ పొరపాటే మమ్మల్ని గట్టెక్కించింది."

"పొరపాటేంటమ్మా? కుట్లు మానని దానివి, ఇద్దరినీ వేసుకుని ఒక్క బెర్తు మీద ఎలా పడుకుంటావ్? వాడినడిగితే దండగంటాడు. అందుకే అడగలేదు."

"మరి పొద్దున అన్ని మాటలు పడ్డారు!"

"నా కొడుకేగా అన్నది. వాడికి మాత్రం చెప్పకు. ఇంక పడుకో."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చంటివాణ్ణి గోడవైపు పడుకోబెట్టి, పక్కనే కాళ్ళు బారజాపుకుంది.